జీతం రివ్యూ అడుగుతూ మేనేజర్‌కి మెయిల్ రాశాను, పంపేముందు ఒకసారి చూస్తారా?

స్టెబిలిటీ_లత | డిసెంబర్ 8, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను పటాన్‌చెరు వైపు ఒక ఫార్మా కంపెనీలో, నాణ్యత పరీక్షలు చేసే క్యూసీ విభాగంలో సీనియర్ ఎగ్జిక్యూటివ్‌ని. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చదివాను. మొత్తం ఆరేళ్ళ అనుభవం, అందులో నాలుగున్నరేళ్ళు ఇక్కడే. సీటీసీ 6.20 లక్షలు, చేతికి నెలకి 42 వేలు.

కిందటి ఏడాది అక్టోబర్‌లో మందులు గడువు దాకా చెడకుండా ఉంటాయో లేదో పరీక్షించే మా స్టెబిలిటీ సెక్షన్ చూసే అసిస్టెంట్ మేనేజర్ మానేశారు. "కొత్తవాళ్ళు వచ్చేదాకా కాస్త చూసుకో అమ్మా" అన్నారు మా సార్. పద్నాలుగు నెలలైంది, ఎవరూ రాలేదు. ఆ పని, నా పని రెండూ నేనే చేస్తున్నా. ఏప్రిల్‌లో అందరితో పాటు నాకూ 7 శాతం పెరిగింది, అంతే.

సార్ మంచివారు. గొడవ పడాలని లేదు, మానేయాలనీ లేదు. అడగడం మాత్రం రావట్లేదు. నాలుగు రోజులుగా ఈ మెయిల్ డ్రాఫ్ట్‌లోనే ఉంది. ఆఫీసులో ఇంగ్లిష్‌లోనే పంపుతాను, మీ కోసం తెలుగులో పెడుతున్నా:

> గౌరవనీయులైన సర్, నేను నాలుగున్నరేళ్ళుగా కంపెనీ కోసం ఎంతో కష్టపడుతున్నాను. పద్నాలుగు నెలలుగా స్టెబిలిటీ బాధ్యత కూడా మోస్తున్నాను. ఈ ఏడాది ఓఓఎస్‌లు సగానికి తగ్గించాను. ఆడిట్ బాగా జరిగింది. బయట నా అనుభవానికి 8 లక్షలు ఇస్తున్నారు. నా తర్వాత చేరిన అమ్మాయికి నాకన్నా ఎక్కువ ఇస్తున్నారని తెలిసింది. ఇంటి అద్దె, తమ్ముడి ఫీజులు పెరిగాయి. దయచేసి నా జీతం 8 లక్షలు చేయగలరని మనవి.

---

రమణ_కూకట్‌పల్లి | డిసెంబర్ 8, రాత్రి 11:15

సిస్టర్, మెయిల్‌తో ఏమీ రాదు. ముందు బయట ఒక ఆఫర్ తెచ్చుకోండి. లెటర్ టేబుల్ మీద పెట్టి "ఇంత ఇస్తే ఉంటాను" అనండి. నేను మూడేళ్ళ క్రితం అదే చేశా, ఒక్క వారంలో 40 శాతం పెంచారు. అంతకుముందు రెండేళ్ళు మర్యాదగా అడిగితే ఎవరూ పట్టించుకోలేదు.

---

సూర్యారావు_టీచర్ | డిసెంబర్ 9, ఉదయం 6:05

అమ్మా, నీ వార్షిక ఇంక్రిమెంట్ ఏ నెలలో పడాలో ముందు సర్వీస్ రిజిస్టర్‌లో చూసుకో. అదనపు బాధ్యత అప్పగిస్తూ ఆర్డర్ ఇచ్చి ఉంటే దానికి వేరే అలవెన్సు ఉంటుంది. ఆ ఆర్డర్ కాపీ జతచేసి దరఖాస్తు పెడితే కాదనడానికి వీల్లేదు. నాకు ఇన్‌ఛార్జి హెడ్‌మాస్టర్‌గా ఉన్నప్పుడు అలాగే వచ్చింది.

---

స్టెబిలిటీ_లత | డిసెంబర్ 9, ఉదయం 7:20

మాస్టారూ, మాది ప్రైవేటు కంపెనీ అండీ. సర్వీస్ రిజిస్టర్ ఉండదు. ఆర్డర్ కూడా ఎవరూ ఇవ్వలేదు, నోటిమాటే. బస్ ఎక్కుతున్నా, మిగతావి సాయంత్రం చూస్తాను.

---

భాస్కర్_పాత_క్యూసీ | డిసెంబర్ 9, మధ్యాహ్నం 1:30

లతా, నేను క్యూసీలో 22 ఏళ్ళు పనిచేశాను, చివరి తొమ్మిదేళ్ళు మేనేజర్‌గా. ఇలాంటి మెయిళ్ళు చాలా చదివాను, కొన్నిటిని పైకి పంపాను, కొన్నిటిని పంపలేకపోయాను. మీ సార్ కుర్చీలో కూర్చుని చెబుతున్నాను, విను.

నీ జీతం మీ సార్ చేతిలో లేదు. ఆయన హెచ్ఆర్‌కి రాయాలి, వాళ్ళు ప్లాంట్ హెడ్ దగ్గరికో కార్పొరేట్‌కో తీసుకెళ్తారు. అక్కడ నీ ముఖం తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. కాబట్టి నువ్వు రాసేది మీ సార్ చదవడానికి మాత్రమే కాదు. ఆయన ఒక్క అక్షరం మార్చకుండా ఫార్వర్డ్ చేయగలిగేలా ఉండాలి. నీ మెయిల్‌ని అలా చదివి చూడు. తమ్ముడి ఫీజుల సంగతి ప్లాంట్ హెడ్‌కి ఎలా పంపుతారు? "ఎంతో కష్టపడుతున్నాను" అన్న మాట క్యూసీలో ఎనభై మందీ రాస్తారు. చదివినాయనకి అందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఇంకొకటి, ఇది మన ఫీల్డ్‌కి సంబంధించినది. "ఓఓఎస్‌లు సగానికి తగ్గించాను" అన్న వాక్యం చూసి నేను ఉలిక్కిపడ్డాను. అది పంపొద్దు. ఓఓఎస్ అంటే రిజల్ట్ లిమిట్ దాటి రావడం, దాటితే దాటిందని రాయడమే క్యూసీ పని. వాటిని తగ్గించడం అనలిస్ట్ ఘనతగా చెప్పుకుంటే, మీ క్యూఏ హెడ్‌కి వచ్చే మొదటి ఆలోచన "ఎలా తగ్గించింది? రీటెస్ట్ చేసి పాస్ చేయించిందా?" అనే. పైగా జీతంతో ముడిపెట్టి రాశావు. అసలు ఏం జరిగింది, ఎలా తగ్గాయి? అది చెప్పు, అక్కడ చెప్పుకోదగ్గది ఉండే ఉంటుంది.

---

స్టెబిలిటీ_లత | డిసెంబర్ 9, రాత్రి 9:50

సార్, మీరు చెప్పాక చదువుకుంటే నాకే భయం వేసింది. అలాంటి ఉద్దేశం అస్సలు లేదు.

జరిగింది ఇదీ. ఒక ఎక్స్‌టెండెడ్ రిలీజ్ టాబ్లెట్‌కి అస్సే, అంటే అందులో ఉన్న మందు మోతాదు, తక్కువ వచ్చి, వరసగా మూడు ఓఓఎస్‌లు పడ్డాయి. మొదటి రెండిటికీ కారణం దొరకలేదని రాసి మూశారు. మూడోది నా చేతికి వచ్చింది. శాంపిల్ ప్రిపరేషన్ దగ్గర నిలబడి చూశాను. మెథడ్‌లో సోనికేషన్, అంటే ధ్వని తరంగాలతో కరిగించడం, 20 నిమిషాలు అని ఉంది. ఫ్లాస్క్ బయటికి తీసి లైటుకి ఎత్తి చూస్తే అడుగున జిగురుగా తెల్లటి ముద్ద, పాలిమర్ ఇంకా పూర్తిగా విడలేదు. మందు అందులోనే చిక్కుకుపోయింది. ఆర్&డీతో మాట్లాడి, ప్రోటోకాల్ రాసి, 20, 30, 40 నిమిషాలకి ఎంత బయటికి వస్తోందో చూశాం. 30 దగ్గర నిలకడగా ఉంది. ఛేంజ్ కంట్రోల్ వేసి మెథడ్ మార్చారు. ఏడు నెలలైంది, ఆ ప్రొడక్ట్‌కి మళ్ళీ ఓఓఎస్ రాలేదు.

ఇంకోటి కూడా ఉంది. నేను తీసుకున్నప్పుడు ఛాంబర్‌లోంచి తీసి గడువులోగా టెస్ట్ చేయని శాంపిల్స్ 38 ఉన్నాయి. తీసిన 30 రోజుల్లో టెస్ట్ అయిపోవాలని మా ఎస్‌ఓపీ. మే నెలకల్లా సున్నా అయింది, అప్పటినుంచి ఒక్కటీ గడువు దాటలేదు.

---

భాస్కర్_పాత_క్యూసీ | డిసెంబర్ 9, రాత్రి 10:35

ఇంత పని చేసి "ఎంతో కష్టపడ్డాను" అని రాస్తావా తల్లీ! ఆ తెల్లటి ముద్దే నీ మెయిల్. మూడుసార్లు వచ్చిన సమస్యకి మూలం పట్టుకున్నావు, మెథడ్ మార్పించావు, ఏడు నెలలుగా అది తిరిగి రాలేదు. 38 నుంచి సున్నా. ఈ రెండు చాలు. అయిదో ఆరో పెట్టకు, చదివేవాళ్ళు చివరిదే గుర్తుపెట్టుకుంటారు, అది సాధారణంగా అన్నిటికన్నా చిన్నది.

అంకెలన్నీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఎల్ఐఎంఎస్‌లోనో ట్రెండ్ రిపోర్టులోనో ఉన్నవే వాడు. నీ సొంత ఎక్సెల్‌లో ఉన్నవి వద్దు. ఎవరైనా తీసి చూస్తే అదే అంకె కనబడాలి. ప్రొడక్ట్ పేరు, బ్యాచ్ నంబరు రాయొద్దు. ఛేంజ్ కంట్రోల్ మొదలైన నెల చెబితే మీ సార్‌కి అర్థమవుతుంది. "ఆడిట్ బాగా జరిగింది" అన్నది అందరి పని. నువ్వు ఆడిటర్ ముందు కూర్చుంటేనే రాయి.

---

నవీన్_జడ్చర్ల | డిసెంబర్ 10, ఉదయం 8:10

అక్కా, నేను మైక్రోబయాలజీలో రెండేళ్ళుగా చేస్తున్నా. నేను చేసిన తప్పు మీరు చేయకండి. కిందటి ఫిబ్రవరిలో మా సార్‌ని షిఫ్ట్ హ్యాండోవర్ అప్పుడు గౌనింగ్ రూమ్ బయట అడిగా. "చూద్దాంలే" అన్నారు. నేను సరేనన్నట్టే అనుకున్నా. ఏప్రిల్ లెటర్‌లో 6 శాతం. వెళ్ళి అడిగితే "నువ్వు ఎప్పుడు అడిగావు?" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు అక్కా, ఆయనకి నిజంగా గుర్తులేదు. ఆ రోజు ఆటోక్లేవ్ పాడై ఆయన టెన్షన్‌లో ఉన్నారు.

మరి నాకు ఇప్పుడు రెండేళ్ళే అనుభవం కదా, నేను కూడా ఇలా మెయిల్ పెట్టొచ్చా? లేక మూడేళ్ళు నిండాలా?

---

మాధవి_హెచ్ఆర్ | డిసెంబర్ 10, సాయంత్రం 6:45

నేను తయారీ కంపెనీల్లో హెచ్ఆర్‌లో ఉంటాను, ఫార్మా కాదు, అయినా లెక్క ఒకటే. భాస్కర్ గారు పని గురించి చెప్పారు, నేను డబ్బు గురించి చెబుతాను.

లత గారూ, 8 లక్షలు ఎక్కడ నుంచి వచ్చింది? ఎవరు చెప్పారు, ఆ 8లో ఏమేం ఉన్నాయి? మా దగ్గరికి "మార్కెట్‌లో ఇంత" అని వచ్చే కాగితాల్లో చాలావరకు ఇక్కడే పడిపోతాయి. మేము మొదట అడిగేది ఇదే.

---

స్టెబిలిటీ_లత | డిసెంబర్ 10, రాత్రి 9:30

రెండు చోట్ల నుంచి మేడమ్. ఒక కన్సల్టెంట్ ఫోన్ చేసి స్టెబిలిటీ సెక్షన్ ఇన్‌ఛార్జికి 8 లక్షలు అన్నారు. వేరియబుల్ 15 శాతం అన్నారు. ఇంకోటి మా పాత కొలీగ్ చేరిన కంపెనీ ప్రకటన, 7.6 లక్షలు, అందులో వేరియబుల్ 10 శాతం. ఆన్‌లైన్‌లో జీతాల సైట్లు కూడా చూశా, అక్కడ 4 నుంచి 11 దాకా ఉంది, ఏది నమ్మాలో తెలియలేదు.

నాది 6.20లో వేరియబుల్ 40 వేలు, కంపెనీ పీఎఫ్ 30 వేలు, గ్రాట్యుటీ 12 వేలు.

---

మాధవి_హెచ్ఆర్ | డిసెంబర్ 10, రాత్రి 10:20

థాంక్స్, ఇప్పుడు లెక్క వేయొచ్చు.

మొదటిది 8 లక్షలు, అందులో 15 శాతం అంటే 1.20 లక్షలు వేరియబుల్. అది వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఖాయంగా వచ్చేది 6.80. రెండోది 7.60లో 76 వేలు తీస్తే 6.84. రెండూ దాదాపు ఒకటే. ఇక మీది 6.20లో 40 వేలు తీస్తే 5.80. పీఎఫ్, గ్రాట్యుటీ వాళ్ళ సీటీసీలోనూ కలిసే ఉంటాయి కాబట్టి వాటిని కదపక్కర్లేదు. ఒకసారి కన్సల్టెంట్‌ని అడిగి రూఢి చేసుకోండి.

అంటే మీకూ మార్కెట్‌కీ ఉన్న తేడా 1.80 లక్షలు కాదు, 1 లక్ష. ఇప్పుడున్న ఫిక్స్‌డ్ మీద 17 శాతం. 8 లక్షలు అడిగితే 29 శాతం అవుతుంది. హెచ్ఆర్‌లో కూర్చున్నవాళ్ళు మీరు వేరియబుల్ కలిపి చూశారని ఒక్క నిమిషంలో కనిపెడతారు, ఆ తర్వాత మిగతా పేజీ మీద నమ్మకం పోతుంది. 17 శాతం అయితే "నిజమే, ఈ పోస్టుకి ఇదే రేటు" అని మేమే లోపల వాదించగలం.

సైట్లలో 4 నుంచి 11 ఎందుకుందంటే, అక్కడ పదేళ్ళవాళ్ళూ రెండేళ్ళవాళ్ళూ, ముంబై, హిమాచల్‌లోని బద్ది అన్నీ ఒకే పేరు కింద ఉంటాయి. దాన్ని ఆధారంగా చూపకండి. మీ పోస్టు, మీ ఊరు, మీ అనుభవం, ఈ మూడూ కలిసేవి రెండు దొరికినా చాలు.

కంపెనీ బస్సు, క్యాంటీన్ మీకు ఉన్నాయి కదా, అవతల ఉన్నాయో లేదో కనుక్కోండి. సొంత బండి మీద వెళ్ళాలంటే ఆ లక్షలో కొంత అక్కడే పోతుంది.

ఇక "నా తర్వాత చేరిన అమ్మాయికి ఎక్కువ" అన్నది దయచేసి తీసేయండి. కొత్తవాళ్ళకి మార్కెట్ రేటు ఇచ్చి, పాతవాళ్ళకి ఏటా 7 శాతం పెంచుకుంటూ పోతే ఈ తేడా రావడం సహజం, అది నిజమైన సమస్యే. కానీ పేరు ఎత్తగానే మాటలన్నీ "నీకెవరు చెప్పారు?" వైపు వెళ్ళిపోతాయి. ఆ పిల్ల కూడా ఇరుక్కుంటుంది.

---

డాలస్_కిరణ్ | డిసెంబర్ 11, ఉదయం 7:55

ఇక్కడ అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఉద్యోగ ప్రకటనలోనే జీతం పరిధి రాయాలని చట్టం ఉంది. కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్‌లలో 2023 నుంచి. మా కంపెనీ కాలిఫోర్నియా ఆఫీసుకి నా పోస్టే ప్రకటించింది, ఆ పరిధి నాకన్నా పైన ఉంది. ఆ లింకే మేనేజర్‌కి పంపా. మీ కంపెనీ కెరీర్స్ పేజీలో మీ పోస్టు ఉందేమో చూడండి, అందులోనే దొరుకుతుంది.

---

మాధవి_హెచ్ఆర్ | డిసెంబర్ 11, ఉదయం 9:10

కిరణ్ గారూ, ఇక్కడ అలాంటి చట్టం లేదు. చాలా ప్రకటనల్లో "పరిశ్రమ ప్రమాణాల ప్రకారం" అని ఉంటుంది. కానీ మీరు అన్నదాంట్లో ఒక పనికొచ్చే విషయం ఉంది. లత గారూ, మీ కంపెనీ ఆ అసిస్టెంట్ మేనేజర్ పోస్టుని ఇంకా ప్రకటిస్తోందా? ప్రకటనలో ఏం పనులు రాశారో చూడండి. అవన్నీ ఇప్పటికే మీరు చేస్తుంటే అంతకన్నా మంచి కాగితం ఉండదు.

---

స్టెబిలిటీ_లత | డిసెంబర్ 11, రాత్రి 9:15

ఉంది మేడమ్! మార్చిలో పెట్టిన ప్రకటన ఇంకా అలాగే ఉంది. ఎనిమిది పనులు రాశారు. ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ వచ్చా, ఏడు నేనే చేస్తున్నాను. ఎనిమిదోది సెక్షన్ బడ్జెట్, అది సార్ చూస్తారు. నిజం చెప్పాలంటే అది చూశాక కాసేపు ఏడుపొచ్చింది.

---

రమణ_కూకట్‌పల్లి | డిసెంబర్ 11, రాత్రి 10:00

అందుకే ఆఫర్ తెచ్చుకోమన్నాను. ఒక ఫోన్ కాల్, ఒక ప్రకటన కన్నా ఆఫర్ లెటర్ గట్టి సాక్ష్యం కదా?

---

మాధవి_హెచ్ఆర్ | డిసెంబర్ 11, రాత్రి 10:25

గట్టి సాక్ష్యమే రమణ గారూ, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆఫర్ చూపించిన రోజు నుంచి మాట మారిపోతుంది. "ఈమెకి ఎంత ఇవ్వాలి" అన్నది పోయి "ఈమె ఉంటుందా, వెళ్తుందా" అన్నది మొదలవుతుంది. మా దగ్గర అలా ఆపుకున్నవాళ్ళ స్థానంలో రెండోవాళ్ళని తయారుచేయమని మేనేజర్‌కి చెబుతాం. "సరే వెళ్ళు" అంటే వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళే అది చేయాలి. లత గారు మానేయాలని లేదని మొదట్లోనే చెప్పారు.

---

రమణ_కూకట్‌పల్లి | డిసెంబర్ 11, రాత్రి 10:50

నిజమే, నాకు ఆ తర్వాత ఏడాది ఏమీ పెంచలేదు. "నీకు ముందే ఇచ్చేశాం" అన్నారు. అయినా 40 శాతం ముందు అది లెక్క కాదనే నా అభిప్రాయం.

---

భాస్కర్_పాత_క్యూసీ | డిసెంబర్ 12, ఉదయం 11:00

ఇక మీటింగ్ సంగతి. నవీన్ చెప్పింది బంగారం లాంటి మాట. సార్ మనసు వేరేచోట ఉన్నప్పుడు అడిగితే అడిగినట్టు కాదు.

క్యూసీలో నెలాఖరు వారం ఎవరికీ తీరిక ఉండదు. డిస్పాచ్ కోసం బ్యాచ్‌లు రిలీజ్ చేయమని ప్రొడక్షన్‌వాళ్ళు మన మీద పడతారు. డిసెంబర్ 22 తర్వాత వద్దు. అలాగని ఫిబ్రవరి దాకా ఆగొద్దు. ఏప్రిల్ లెటర్ ఏప్రిల్‌లో తయారవదు. నేను పనిచేసిన రెండు కంపెనీల్లోనూ జనవరిలోనే డిపార్ట్‌మెంట్‌కి ఎంత శాతం అని అంకె వచ్చేసేది. ఆ తర్వాత ఎవరికైనా 17 ఇవ్వాలంటే ఇంకో నలుగురి దగ్గర కోయాలి. ఏ మేనేజరూ అది చేయలేడు. ముందే అడిగితే "ఇది పోస్టు సరిచేయడం, ఇంక్రిమెంట్ కాదు" అని వేరుగా రాసుకునే వీలుంటుంది.

రెండు సమయాలు నువ్వే సూచించు. "మీ వీలు చూసి చెప్పండి" అంటే ఆ వీలు రాదు. అరగంట అడుగు. ల్యాబ్‌లో కాదు, గదిలో.

నవీన్, నీకు జవాబు: ఏళ్ళు నిండడం కాదు, పని మారిందా లేదా చూసుకో. చేరినప్పటి పనే చేస్తుంటే ఏప్రిల్ దాకా ఆగు. వేరే పని మీద పడి ఉంటే రాయి.

---

స్టెబిలిటీ_లత | డిసెంబర్ 13, మధ్యాహ్నం 3:40

మళ్ళీ రాశాను. చూడండి.

> విషయం: నా ప్రస్తుత బాధ్యతలకు తగిన జీతం రివ్యూ గురించి, అరగంట సమయం కోరుతూ
>
> సర్, గత అక్టోబర్ నుంచి స్టెబిలిటీ సెక్షన్ రోజువారీ పని నేను చూస్తున్నాను. అప్పట్లో నాకు ఈ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. నా హోదా, జీతం మాత్రం అంతకుముందు పనికి నిర్ణయించినవే. వాటిని రివ్యూ చేయమని కోరుతున్నాను.
>
> ఈ పద్నాలుగు నెలల్లో జరిగిన రెండు విషయాలు మీ దృష్టికి తెస్తున్నాను. గడువు దాటిన శాంపిల్స్ నవంబర్‌లో 38 ఉండగా మే నాటికి పూర్తయ్యాయి, ఆ తర్వాత ఒక్కటీ గడువు దాటలేదు. ఒకే ప్రొడక్ట్‌లో మూడుసార్లు వచ్చిన అస్సే సమస్యకు శాంపిల్ ప్రిపరేషన్‌లో కారణం గుర్తించాం. ఏప్రిల్ ఛేంజ్ కంట్రోల్‌తో మెథడ్ సవరించాక అది తిరిగి రాలేదు.
>
> కంపెనీ ప్రకటించిన అసిస్టెంట్ మేనేజర్ పోస్టులోని ఎనిమిది బాధ్యతల్లో ఏడు ప్రస్తుతం నేను నిర్వహిస్తున్నాను. హైదరాబాద్ పరిసరాల్లో ఇదే పనికి, ఇంతే అనుభవానికి నాకు తెలిసిన రెండు పోస్టుల్లో వేరియబుల్ కాకుండా జీతం 6.80 లక్షల దగ్గర ఉంది. నాది 5.80. దాన్ని 6.80కి సరిచేయడం, హోదా మార్చడం పరిశీలించమని నా కోరిక.
>
> డిసెంబర్ 17 బుధవారం సాయంత్రం 4 గంటలకు గానీ, 19 శుక్రవారం ఉదయం 11 గంటలకు గానీ అరగంట మాట్లాడే వీలుంటుందా? రెండూ కుదరకపోతే ఆ వారంలో మీరు చెప్పిన సమయానికి వస్తాను.

---

భాస్కర్_పాత_క్యూసీ | డిసెంబర్ 13, సాయంత్రం 5:15

చాలా బాగుంది. ఒక్క చోటే నాకు అభ్యంతరం. 6.80 అన్న అంకె మెయిల్‌లో వద్దు. చదవగానే మీ సార్ ఆ అంకె దగ్గరే ఆగిపోతారు, అవుతుందా కాదా అని. పని గురించి మాట్లాడుకున్నాక గదిలో చెప్పు. ఆయనే ఇంకాస్త ఎక్కువ అనుకుంటూ ఉండొచ్చు కూడా.

---

మాధవి_హెచ్ఆర్ | డిసెంబర్ 13, సాయంత్రం 6:30

ఇక్కడ నేను భాస్కర్ గారితో ఏకీభవించను. అంకె లేకపోతే మీటింగ్‌లో ఆయన "కనుక్కుని చెబుతా" అనడం తప్ప ఏమీ చేయలేరు. అంకె ముందే ఉంటే మీటింగ్‌కి ముందే హెచ్ఆర్‌ని ఒక మాట అడిగి వస్తారు. ఆధారం లేని అంకె అయితే వద్దనేదాన్ని. ఇది లెక్కతో ఉంది.

---

భాస్కర్_పాత_క్యూసీ | డిసెంబర్ 13, సాయంత్రం 7:00

అది మేనేజర్ స్వభావాన్ని బట్టి మాధవి గారూ. నేనైతే గదిలో వినడానికే ఇష్టపడేవాణ్ణి. లత తన సార్‌ని చూసి నిర్ణయించుకోవాలి.

---

స్టెబిలిటీ_లత | డిసెంబర్ 14, రాత్రి 8:20

మా సార్ ఏదైనా అంకె చూడందే మాట్లాడరు. ట్రెండ్ రిపోర్ట్ లేకుండా వెళ్తే వెనక్కి పంపుతారు. ఉంచేస్తున్నాను. రేపు ఉదయం పంపుతా.

---

నవీన్_జడ్చర్ల | డిసెంబర్ 18, రాత్రి 9:00

అక్కా, నిన్న మీటింగ్ అయిందా?

---

స్టెబిలిటీ_లత | డిసెంబర్ 19, రాత్రి 10:10

ఇవాళ అయింది. బుధవారం ఆయనకి కుదరలేదు, శుక్రవారం 11కి రమ్మన్నారు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం.

నా మెయిల్ ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టుకుని ఉన్నారు. ఏడు బాధ్యతలు అన్నచోట పెన్‌తో గీత ఉంది. "ఈ ప్రకటన ఇంకా తీయలేదా?" అని ఆయనే అడిగారు. మెయిల్‌ని హెచ్ఆర్‌కి ఫార్వర్డ్ చేశారట, ఒక్క వాక్యం కలిపి. ఆ వాక్యం ఏమిటో చెప్పలేదు.

హోదా మార్పు ఏప్రిల్ సైకిల్‌లో సిఫార్సు చేస్తానన్నారు. జీతం గురించి, ఒకేసారి 6.80 కష్టమని, ఏప్రిల్‌లో 6.40 దాకా ప్రయత్నిస్తానని, మిగతాది అక్టోబర్‌లో చూద్దామని అన్నారు. నేను అప్పటికప్పుడు సరే అనలేదు. "ఆలోచించుకుని సోమవారం చెబుతాను సార్" అన్నాను. గొంతు వణికింది, అయినా అన్నాను.

ఒప్పుకోవాలా? అక్టోబర్ మాట నమ్మొచ్చా?

---

రమణ_కూకట్‌పల్లి | డిసెంబర్ 19, రాత్రి 10:40

అక్టోబర్ అంటే పది నెలలు. అప్పటికి ఆ సార్ ఉంటారో లేదో. ఈలోగా ఇంటర్వ్యూలకి వెళ్తూ ఉండండి.

---

మాధవి_హెచ్ఆర్ | డిసెంబర్ 19, రాత్రి 11:05

6.40 అంటే ఇప్పుడున్న ఫిక్స్‌డ్ 5.80 మీద 10 శాతం పైన. మీకు ఏప్రిల్‌లో ఎలాగూ వచ్చే 7 శాతం అందులో కలిసిందా, విడిగా ఉందా? ముందు అది అడగండి. కలిసి ఉంటే మీకు నిజంగా అదనంగా వచ్చేది 3 శాతమే. విడిగా ఉంటే మంచి మొదలు.

అక్టోబర్ మాటని నమ్మాలా వద్దా అన్నది నేను చెప్పలేను. కానీ ఆయన చెప్పింది చెప్పినట్టు ఈ రాత్రే ఆయనకి మెయిల్ పెట్టండి. నిలదీసినట్టు కాదు, గుర్తు కోసం.

---

స్టెబిలిటీ_లత | డిసెంబర్ 19, రాత్రి 11:40

కలిసిందా విడిగానా అన్నది నాకు తట్టనే లేదు మేడమ్. ఇప్పుడే పంపాను:

> సర్, ఇవాళ సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. నేను అర్థం చేసుకున్నది: హోదా మార్పు ఏప్రిల్ సైకిల్‌లో సిఫార్సు చేస్తారు, జీతం ఏప్రిల్‌లో 6.40కి, మిగతాది అక్టోబర్‌లో పరిశీలిస్తారు. ఇందులో ఏదైనా నేను తప్పుగా విన్నట్టయితే చెప్పగలరు. 6.40లో వార్షిక ఇంక్రిమెంట్ కలిసి ఉందా, విడిగానా అన్నది సోమవారం కలిసినప్పుడు తెలుసుకుంటాను.

---

స్టెబిలిటీ_లత | డిసెంబర్ 22, రాత్రి 9:25

కలిసే ఉందట. ఆ విషయం ఆయన దాచలేదు, అడగగానే చెప్పారు. అయితే ఆ మూడు శాతం చాలదని, ఆ పోస్టుకి బయటి నుంచి ఎవరినైనా తీసుకుంటే కంపెనీకి అంతకన్నా ఎక్కువే అవుతుందని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ప్రకటన తీసేయమని హెచ్ఆర్‌కి నా ముందే ఫోన్ చేశారు. ఆ పోస్టుకి బడ్జెట్‌లో పెట్టిన డబ్బు ఎంతో కనుక్కుని జనవరి మొదటి వారంలో పిలుస్తానన్నారు.

జనవరిలో వచ్చి రాస్తాను. భాస్కర్ సార్, మీరు అన్నట్టు అది వేరే పద్దు కింద రాసే వీలుందా అని కూడా అడిగాను. "అదే చూస్తున్నా" అన్నారు.